కనిపించే తేడా ఒకటి, లోపల ఉన్నవి నాలుగు

ప్రశ్న: మాది తెనాలి. మామగారి కాలం నుంచి ఉన్న హార్డ్‌వేర్, శానిటరీ షాపు. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయ్యాక ఆర్నెల్లుగా షాపులో నేనే కూర్చుంటున్నాను. కొనుగోళ్ల రిజిస్టరు, అమ్మకాల రిజిస్టరు కూడా నేనే రాస్తున్నాను. అక్టోబర్ నెలకు నా లెక్క ప్రకారం అమ్మకాల మీద జీఎస్టీ 1,14,480, కొనుగోళ్ల మీద మేం ఇచ్చింది 99,000. పోగా 15,480 కట్టాలి. మామగారి రోజుల నుంచి ఉన్న అకౌంటెంట్ గారు మాత్రం 34,200 కట్టాలన్నారు. ఎందుకని అడిగితే "హైదరాబాద్ బిల్లు టూబీలో రాలేదమ్మా" అని ఊరుకున్నారు. ఆ బిల్లు మా ఆయన మేనమామ కొడుకు షాపుది. నాకు వరసకు అన్నయ్య. దాని మీద పన్ను 18,000. చేతిలో డబ్బు లేక నా గొలుసు నూటికి రూపాయి వడ్డీకి తాకట్టు పెట్టి నవంబర్ 20న కట్టాం. మా ఆయన అకౌంటెంట్‌నూ ఏమీ అనొద్దంటారు, బావనూ ఏమీ అనొద్దంటారు. ఇద్దరిలో ఎవరో ఒకరు మమ్మల్ని మోసం చేస్తున్నారని నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అకౌంటెంట్‌ను మార్చాలా? అన్నయ్య దగ్గర కొనడం మానేయాలా? రిజిస్టర్ పేజీల ఫొటోలు, అకౌంటెంట్ గారు ఇచ్చిన టూబీ ప్రింట్లు, ఆ నెల బిల్లులు, ముందూ వెనకా నెలల బిల్లులు కొన్ని పంపిస్తున్నాను.

జవాబు: అమ్మా, మీరు పంపిన ప్రతి పేజీ చూశాను. ఒకటికి రెండుసార్లు కూడాను. ముందుగా ఒక మాట. ఇందులో మోసం నాకు కనిపించలేదు. మీకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం మాత్రం కనిపించింది. ఆ పని ఇప్పుడు చేద్దాం. ఆయన అన్న టూబీ అంటే, మీకు అమ్మినవాళ్లు జీఎస్టీ పోర్టల్‌లో చూపించిన బిల్లులతో నెలనెలా మీకు వచ్చే పట్టిక.

మీ అంకెకూ అకౌంటెంట్ గారి అంకెకూ తేడా 18,720 రూపాయలు. హైదరాబాద్ బిల్లు మీది పన్ను 18,000. రెండూ ఇంత దగ్గరగా ఉండేసరికి తేడా మొత్తం ఆ ఒక్క బిల్లు వల్లే వచ్చిందని, ఆ మిగిలిన 720 ఎవరో నొక్కేశారని మీకు అనిపించింది. అలా అనిపించడం సహజమే. కానీ మీ కాగితాల్లో తేడాలు నాలుగున్నాయి. మూడు ఒక వైపు లాగుతున్నాయి, ఒకటి ఎదురు వైపు లాగుతోంది. అన్నీ కలిసి చివరికి 18,720 దగ్గర ఆగాయి. రెండు అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అనుకోకూడదు. ఒక్కొక్కటే విడదీసి చూస్తేనే లెక్క తేలుతుంది.

ఎదురు వైపు లాగుతున్నదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది మీ చేత్తోనే జరిగింది. అమ్మకాల రిజిస్టర్‌లో మీరు కాంట్రాక్టర్లకు ఇచ్చిన బిల్లులు ఒక చోట, కౌంటర్ అమ్మకాలు ఇంకో చోట రాశారు. మంచి పద్ధతి. కాంట్రాక్టర్ల బిల్లుల్లో అసలు విలువ 4,00,000, పన్ను 72,000. అది సరిగ్గా ఉంది. కౌంటర్ అమ్మకాల దగ్గర మాత్రం నెల మొత్తం 2,36,000 అని వేసి, పక్కన 42,480 అని పన్ను రాశారు. అంటే 2,36,000 మీద పద్దెనిమిది శాతం లెక్క కట్టారు.

మీ కౌంటర్‌లో ట్యాప్ కొన్నవాడు 118 రూపాయలు ఇచ్చాడనుకోండి. ఆ 118లో ట్యాపు ధర 100, పన్ను 18. పన్ను అందులోనే ఉంది. మళ్లీ 118 మీద పద్దెనిమిది శాతం వేస్తే 21 రూపాయల 24 పైసలు వస్తుంది. అంటే పన్ను మీద పన్ను వేసినట్టు. గల్లాపెట్టెలో పడిన మొత్తం నుంచి పన్ను తీయాలంటే లెక్క ఇలా ఉండాలి:

```
2,36,000 × 18 ÷ 118 = 36,000
2,36,000 − 36,000 = 2,00,000
```

అంటే కౌంటర్ అమ్మకాల అసలు విలువ 2,00,000, పన్ను 36,000. మీరు 6,480 ఎక్కువ వేసుకున్నారు. నెల మొత్తానికి అమ్మకాల మీద పన్ను 1,14,480 కాదు, 1,08,000. అందులో సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ, చెరి 54,000.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అకౌంటెంట్ గారు మీ 42,480ని అలాగే ఎత్తి రాయలేదు, సరిదిద్ది 36,000 వేశారు. మిమ్మల్ని మోసం చేద్దామనుకునే మనిషికి ఇంతకన్నా తేలిక దారి ఉండదు. మీరే ఎక్కువ రాసుకున్నారు, మీ దగ్గర ఎక్కువే తీసుకుని తక్కువ కట్టి ఉండొచ్చు. ఆయన ఆ పని చెయ్యలేదు. అయితే సరిదిద్దిన సంగతి మీకు చెప్పలేదు కూడా. అది ఆయన తప్పు.

ఇప్పుడు కొనుగోళ్ల వైపుకు వద్దాం. మీ రిజిస్టర్‌లో విజయవాడ హోల్‌సేల్ షాపుల దగ్గర కొన్నవి, ఇతర బిల్లులు కలిపి 3,00,000 విలువకు సీజీఎస్టీ 27,000, ఎస్‌జీఎస్టీ 27,000 ఉన్నాయి. హైదరాబాద్ నుంచి తెచ్చినవి 2,50,000, వాటి మీద ఐజీఎస్టీ 45,000. పక్క రాష్ట్రం నుంచి సరుకు వస్తే పన్ను రెండు ముక్కలుగా కాకుండా ఐజీఎస్టీ అని ఒకటే పడుతుంది. తెనాలి షాపుకు హైదరాబాద్ 2014 నుంచి పక్క రాష్ట్రమే కదా. మొత్తం 99,000. మీరు కూడింది సరిగ్గానే ఉంది. కానీ రిజిస్టర్‌లో రాసిన ప్రతి రూపాయీ ఆ నెలలో వాడుకునే రూపాయి కాదు.

ఆ బిల్లుల కట్టలో ఒక ఫ్రిజ్ బిల్లు ఉంది. విలువ 30,000, పన్ను 2,700, 2,700. మీ షాపు జీఎస్టీ నంబర్ మీద రాయించారు. సరుకు చేర్చాల్సిన అడ్రస్ దగ్గర మాత్రం షాపు అడ్రస్ లేదు, ఇంటి నంబర్ ఉంది. మీ ఆయనో, ఇంకెవరో షాపు నంబర్ చెప్పి ఇంటికి తెప్పించి ఉంటారు. చాలామంది చేసే పనే ఇది. నంబర్ ఇచ్చారు కాబట్టి ఆ బిల్లు టూబీలో కనిపిస్తుంది, వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఇంటి వాడకానికి కొన్నదాని మీద పన్ను తిరిగి తీసుకోవడం జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ప్రకారం కుదరదు. టూబీలో వచ్చినంత మాత్రాన హక్కు రాదు. అకౌంటెంట్ గారు ఆ 5,400ని, నెలనెలా పన్ను లెక్క చూపించి కట్టే త్రీబీ రిటర్న్‌లో 4(B)(1) అనే చోట వెనక్కి తీసేశారు. సరైన చోటే తీశారు. ఒకవేళ ఆ ఫ్రిజ్ నిజంగా షాపులోనే ఉండి పనివాళ్లు వాడుకుంటూ ఉంటే మాత్రం ఆయనకు చెప్పండి, అప్పుడు సంగతి వేరు.

మూడోది పైపులు. అక్టోబర్‌లో సీపీవీసీ పైపులు పగిలి వచ్చాయని విజయవాడ షాపుకు 10,000 విలువగలవి వెనక్కి పంపారు. వాళ్లు క్రెడిట్ నోట్ ఇచ్చారు. అది మీరు పంపిన బిల్లుల మధ్యలోనే ఉంది, కానీ రిజిస్టర్‌లో ఎక్కలేదు. వాళ్లు పోర్టల్‌లో పెట్టేశారు, కాబట్టి టూబీలో మీ ఇన్‌పుట్, అంటే కొనుగోళ్ల మీద ఇచ్చి తిరిగి వాడుకునే పన్ను, 900, 900 తగ్గి వచ్చింది. వెనక్కి పంపిన సరుకును రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో మైనస్ వేసి రాసుకోండి. లేకపోతే ప్రతి నెలా ఇలాంటి చిన్న తేడా ఒకటి వచ్చి మీకు టెన్షన్ పెడుతుంది.

నాలుగోది మీ అన్నయ్యగారి బిల్లు, ఐజీఎస్టీ 18,000.

ఇప్పుడు కూడి చూడండి. ఫ్రిజ్ 5,400, పైపులు 1,800, హైదరాబాద్ బిల్లు 18,000. కొనుగోళ్ల వైపు తగ్గింది 25,200. అమ్మకాల వైపు మీరు ఎక్కువ వేసుకున్నది 6,480. ఈ 25,200లోంచి 6,480 తీసేస్తే 18,720. మీ 15,480కి ఈ 18,720 కలిపితే 34,200. పైసాతో సహా సరిపోయింది. మీరు వెతికిన ఆ 720 ఎక్కడా పోలేదు. అసలు అలాంటి 720 లేనే లేదు.

పన్ను సర్దుబాటు కూడా చూశాను, ఎందుకంటే కొంతమంది అక్కడ పోగొట్టుకుంటారు. వాడుకోదగ్గ ఇన్‌పుట్ మీకు ఐజీఎస్టీలో 27,000, సీజీఎస్టీలో 23,400, ఎస్‌జీఎస్టీలో 23,400 ఉంది. ముందు ఐజీఎస్టీ అంతా ఖర్చు చెయ్యాలి, ఆ తర్వాతే మిగతా రెండూ ముట్టుకోవాలి. సీజీఎస్టీలో మిగిలింది ఎస్‌జీఎస్టీకి, అందులోది ఇందులోకి మార్చుకోవడం కుదరదు. ఐజీఎస్టీని మాత్రం రెండింటికీ మన ఇష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు. అకౌంటెంట్ గారు 13,500, 13,500 చేసి పంచారు. కాబట్టి చెరి వైపు 17,100 నగదు పడింది. మొత్తం 34,200.

ఈ నెలలో ఎలా పంచినా మొత్తం మారేది కాదు. కానీ ఐజీఎస్టీ ఎక్కువగా ఉన్న నెలలో మారుతుంది. ఉదాహరణకు ఐజీఎస్టీ 40,000 ఉండి మిగతావన్నీ ఇలాగే ఉన్నాయనుకోండి. అదంతా సీజీఎస్టీకే వేస్తే అక్కడ ఇంకా కట్టాల్సింది 14,000 మాత్రమే మిగులుతుంది. మీ 23,400 సీజీఎస్టీలో 9,400 వాడకుండా ఉండిపోతుంది. ఎస్‌జీఎస్టీకి మాత్రం చేతి నుంచి 30,600 కట్టాలి. సరిసమానంగా పంచితే 21,200తో పోతుంది. మిగిలిన 9,400 పోదు, వచ్చే నెలకు ఉంటుంది, కానీ ఈ నెల నగదు ఊరికే బయటికి పోతుంది. గొలుసు తాకట్టు పెట్టే పరిస్థితిలో అది చిన్న మొత్తం కాదు. మీరు హైదరాబాద్ సరుకు ఎక్కువ తెప్పించిన నెలలో ఈ ఒక్క చోట కన్నేసి ఉంచండి.

ఇక మీ అన్నయ్యగారి సంగతి. ఇది కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇందులో చుట్టరికం కూడా ఉంది.

బిల్లు మీ చేతిలో ఉంది, సరుకు దిగింది, డబ్బు ఇచ్చారు. అయినా ఆయన ఆ బిల్లును పోర్టల్‌లో చూపించి, అది మీ టూబీలో కనిపించే దాకా ఆ పన్ను మీరు వాడుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2022 జనవరి నుంచి ఇదే నియమం. అంతకుముందు కొంత శాతం దాకా మినహాయింపు ఉండేది, ఇప్పుడు లేదు. అందుకే "టూబీలో రాలేదమ్మా" అన్న మాటలో అబద్ధం లేదు.

ఎందుకు రాలేదు? జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఎవరి నంబరైనా వేసి చూడొచ్చు. మీ అన్నయ్యగారి బిల్లు మీదున్న నంబర్ వేసి, కింద SHOW FILING TABLE నొక్కండి. అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1 వరసలో నెలనెలా తేదీలు కనిపిస్తే ఆయన నెలవారీ మనిషి. మూడు నెలలకు ఒకటి చొప్పున కనిపిస్తే త్రైమాసిక మనిషి. ఏడాదికి ఐదు కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లు అలా మూడు నెలలకోసారి వేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. మీరు పంపిన ఆయన పాత బిల్లులు రెండు మీ జూలై, ఆగస్టు టూబీల్లో లేవు, సెప్టెంబర్ టూబీలో ఒకేసారి పడ్డాయి. దాన్ని బట్టి ఆయన త్రైమాసికమే అని నా నమ్మకం. మీరు ఒకసారి చూసి ఖాయం చేసుకోండి.

అదే అయితే ఆయన అక్టోబర్ బిల్లును ఎగ్గొట్టలేదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మూడు నెలల బిల్లులు కలిపి జనవరి 13 లోపు వేస్తారు. అది జనవరి 14న వచ్చే మీ డిసెంబర్ టూబీలో కనిపిస్తుంది. జనవరి 20న కట్టేటప్పుడు ఆ 18,000 మీకు తగ్గుతుంది. ఆలస్యం అవుతుందే కానీ పోదు.

మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఒకటి, ఊరికే ఆగడం. నవంబర్ 20న మీరు కట్టిన 18,000 జనవరి 20న తిరిగి అందుతుంది, అంటే రెండు నెలలు. నూటికి రూపాయి వడ్డీ లెక్కన మీకు పడే భారం 360 రూపాయలు. నిద్ర పట్టకుండా చేసిన విషయం విలువ ఇంతేనా అని మీకే అనిపించొచ్చు. కానీ 360 చిన్నదైనా, 20వ తేదీ నాడు చేతిలో లేని 18,000 చిన్నది కాదు. అది నాకు తెలుసు.

రెండోది, అడగడం. త్రైమాసికంగా వేసేవాళ్లకు కూడా మొదటి రెండు నెలల్లో తమకు కావలసిన బిల్లులు మాత్రం ముందే పెట్టుకునే వీలుంది. దాన్ని ఐఎఫ్ఎఫ్ అంటారు. తర్వాతి నెల 13వ తేదీ లోపు పెట్టాలి. అక్టోబర్‌కు గడువు దాటింది, కానీ అప్పుడు పెట్టని అక్టోబర్ బిల్లును నవంబర్ ఐఎఫ్ఎఫ్‌లో పెట్టొచ్చు. డిసెంబర్ 13 లోపు ఆయన పెడితే 14న మీ టూబీలో పడుతుంది, డిసెంబర్ 20కి మీ 18,000 తగ్గుతుంది. ఆయన తన బిల్లులన్నీ పెట్టక్కర్లేదు, మీ ఒక్కటి పెట్టినా చాలు. ఆయన అకౌంటెంట్‌కు అది పది నిమిషాల పని. ఇది నిష్ఠూరంగా అడగాల్సిన మాట కాదు. "అన్నయ్యా, నువ్వు మూడు నెలలకోసారి వేస్తావు, నేను నెలనెలా కట్టాలి, మా బిల్లు ఒక్కటి 13వ తేదీ లోపు ఐఎఫ్ఎఫ్‌లో పెట్టించు" అంటే సరిపోతుంది. మీ ఆయన వద్దన్నది గొడవను. ఇది గొడవ కాదు. వీలైతే మీ ఆయన చేతనే ఫోన్ చేయించండి.

మూడోది, చాలామంది వ్యాపారులు చేసే పద్ధతి. బిల్లులో అసలు విలువ ముందు ఇచ్చి, పన్ను మొత్తం టూబీలో కనిపించాక ఇవ్వడం. లక్ష ఇస్తారు, 18,000 ఆపుతారు. దీనికి బలం ఉంది, ఎదుటివాడు తనంతట తానే గుర్తుపెట్టుకుని పెడతాడు. కానీ చుట్టం దగ్గర ఇలా ఆపితే అది పన్ను లెక్కలా కనిపించదు, నమ్మకం లేదన్నట్టు కనిపిస్తుంది. పైగా ఆపడం అలవాటై మరిచిపోతే ఇంకో చిక్కుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే, అప్పటికే వాడుకున్న ఇన్‌పుట్‌లో చెల్లించని మేరకు వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. తెలియనివాళ్ల దగ్గర కొనేటప్పుడు ఈ పద్ధతి పెట్టుకోండి. అన్నయ్యగారి దగ్గర ముందు నోటిమాట వాడి చూడండి.

నాలుగోది, టూబీని పట్టించుకోకుండా బిల్లు చూపించి 18,000 తీసేసుకోవడం. మీ ఉత్తరంలో ఈ ఆలోచన లేదు కానీ, మార్కెట్‌లో ఎవరో ఒకరు మీకు చెప్పి తీరతారు. అలా తీసుకున్నది వాడుకుంటే ఏడాదికి 18 శాతం వడ్డీ, అంటే 18,000కు నెలకు 270 రూపాయలు. మీ గొలుసు మీద వడ్డీ నెలకు 180. అంటే తాకట్టు వడ్డీ కన్నా అదే ఎక్కువ. ఆ పైన నోటీసు, దానికి జవాబు రాయించడం. ఈ దారి మీకు వద్దు.

కొనడం మానేయాలా అన్నారు. ధర చూసి తేల్చుకోండి. 1,18,000 బిల్లుకు మీకు పడే అదనపు భారం ఎక్కువలో ఎక్కువ 360 రూపాయలు. అది క్వార్టర్ మొదటి నెల బిల్లుకు. రెండో నెల బిల్లుకు సగమే, మూడో నెల బిల్లుకు ఏమీ లేదు, ఎందుకంటే ఆ నెలది ఎలాగూ సమయానికే వస్తుంది. అన్నయ్యగారు విజయవాడ ధర కన్నా నూటికి ఒక రూపాయి తక్కువకు ఇస్తున్నా మీకు ఆయన దగ్గర కొనడమే లాభం. ఆయన ఐఎఫ్ఎఫ్ పెట్టనంటే, పెద్ద ఆర్డర్ మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో పెట్టుకున్నా సగం బాధ తీరుతుంది.

ఒక్క హెచ్చరిక. జనవరి 14న వచ్చే టూబీలో కూడా ఆ బిల్లు లేకపోతే మాత్రం ఊరుకోవద్దు. అప్పుడు సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి ఆయన వాళ్లు మీ నంబర్‌లో ఒక అక్షరం తప్పు కొట్టడం. రెండోది నంబర్ వెయ్యకుండా కౌంటర్ అమ్మకంగా చూపించడం. రెండూ తర్వాతి రిటర్న్‌లో సరిదిద్దుకోవచ్చు. ఈ ఆర్థిక సంవత్సరపు బిల్లు మీద ఇన్‌పుట్ తీసుకోవడానికి మీకు వచ్చే ఏడాది నవంబర్ 30 దాకానే గడువు, ఆ ఏడాది వార్షిక రిటర్న్ అంతకన్నా ముందే వేస్తే ఆ రోజు దాకానే. అది దాటితే ఆ పన్ను శాశ్వతంగా పోతుంది. అందుకే టూబీలో రాని బిల్లులకు రిజిస్టర్ చివర ఒక పేజీ వేరుగా పెట్టుకోండి. బిల్లు తేదీ, నంబర్, పన్ను రాసి, ఏ నెల టూబీలో వచ్చిందో పక్కన రాసి కొట్టెయ్యండి. కొట్టెయ్యని వరుస అంటే ఇంకా మీకు రావలసిన డబ్బు.

ఇప్పుడు అకౌంటెంట్ గారిని మార్చే విషయం.

పదేళ్ల క్రితం నా దగ్గరికి ఒక షాపు మనిషి ఇలాగే వచ్చాడు. అప్పటి అకౌంటెంట్ ప్రతి నెలా మొత్తం చెప్పేవాడు, ఇతను నగదు ఇచ్చేవాడు. చలానాలు తీయిస్తే ఆర్నెల్లుగా ఇచ్చినదాంట్లో సగమే కట్టి ఉంది. కాబట్టి మీ అనుమానం ఊరికే వచ్చిందని నేననను. కానీ అనుమానాన్ని తీర్చుకునే దారి మనిషిని మార్చడం కాదు, ముందు కాగితం చూడటం. పోర్టల్‌లో Services > Ledgers > Electronic Cash Ledger తెరిస్తే మీ షాపు పేర ఎంత డబ్బు ఏ తేదీన జమైందో, ఎంత ఖర్చైందో ఉంటుంది. నవంబర్ 20న 34,200 జమ, 34,200 ఖర్చు కనిపించాలి. పాత నెలలు కూడా చూడండి. మీరు ఇచ్చిన మొత్తాలతో సరిపోతే ఆ అధ్యాయం అక్కడితో ముగిసినట్టు.

అది చూడాలంటే లాగిన్ మీ దగ్గర ఉండాలి. మీ షాపుకు రిజిస్టరైన ఫోన్ నంబర్ ఎవరిది? చాలా షాపులకు అది అకౌంటెంట్ నంబరే అయి ఉంటుంది, ఓటీపీలు ఆయనకే వెళ్తాయి. అది మీ ఆయన నంబరో మీదో అయ్యేలా మార్పించుకోండి. అకౌంటెంట్ గారిని అవమానించినట్టు అవుతుందేమో అని మీ ఆయన సంకోచిస్తే, "మా ఆయన ఆరోగ్యం బాగాలేదు కదా, మెసేజ్‌లు నా ఫోన్‌కు రావాలి" అనండి. అది నిజం కూడాను. ఇక ముందు చలానా అకౌంటెంట్ గారు తయారు చేసి పంపితే డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచి మీరే కట్టండి, నగదు చేతికి ఇవ్వొద్దు.

ఇప్పటికిప్పుడు కొత్తవాళ్ల దగ్గరికి మారితే ఏం జరుగుతుంది? పాత రిటర్న్‌లు, టూబీలో రాని బిల్లుల సంగతి, మీ సరుకు ఏ కోడ్ కిందికి వస్తుందో ఆ వివరాలు అన్నీ పాత మనిషి తలలో ఉన్నాయి. సంవత్సరం మధ్యలో మారితే సగం పోగొట్టుకుంటారు. మారాలనే అనుకుంటే మార్చి రిటర్న్ వేశాక, ఏప్రిల్ నుంచి మారండి. ఉంచుకుంటే మాత్రం ఒక్క షరతు పెట్టండి. కట్టాల్సిన అంకె ఒక్కటీ చెబితే చాలదు. మీ రిజిస్టర్ మొత్తానికీ ఆయన త్రీబీకీ మధ్య తేడా ఎందుకొచ్చిందో ప్రతి నెలా అర పేజీ కాగితం మీద రాసి ఇవ్వాలి. పైన నేను రాసిన నాలుగు వరుసల్లాంటివే. ఆయన రాయనంటే, లేదా రాసింది మీ బిల్లులతో కలవకపోతే అప్పుడు మార్చండి. నాకు అనిపించేది, కాస్త గొణుగుతారు కానీ రాస్తారు.

ఆ కాగితం ఏ రోజు అడగాలో కూడా చెబుతాను. 11వ తేదీ లోపు మీ అమ్మకాలు పోర్టల్‌కు ఎక్కుతాయి, 14న టూబీ వస్తుంది. 15న ఆయన దగ్గర ఆ కాగితం తీసుకోండి, ఐదు రోజులు చేతిలో ఉంటాయి. అమ్మకాల్లో తప్పు ఉంటే త్రీబీ వెయ్యక ముందే 1ఏ అనే ఫారంలో దిద్దాలి. 2025 జూలై నెల నుంచి త్రీబీలో అమ్మకాల అంకెను నేరుగా మార్చే వీలు తీసేశారు. 19న చూసుకుంటే హడావుడిలో అది జరగదు.

ఏదైనా నెల 20వ తేదీకి డబ్బు సరిపోకపోతే ఆలస్యానికి ఎంత అవుతుందో కూడా తెలుసుకుని ఉండండి. మీ అక్టోబర్ 34,200 పది రోజులు ఆలస్యమైతే 18 శాతం చొప్పున వడ్డీ సుమారు 169, రోజుకు 50 చొప్పున ఆలస్య రుసుము 500, కలిపి 670 లోపు. ఇలా చెయ్యమని నేను చెప్పడం లేదు. రిటర్న్ ఆగితే మీ తర్వాతి నెల అమ్మకాల రిటర్న్ కూడా ఆగుతుంది, మీ కాంట్రాక్టర్లకు వాళ్ల టూబీలో మీ బిల్లు కనబడదు, ఇవాళ మీరు అన్నయ్యగారి మీద పడుతున్న బాధే వాళ్లు మీ మీద పడతారు. కానీ బంగారం తీసుకెళ్లే ముందు ఈ అంకె పక్కన పెట్టి చూసుకోవడం మీ హక్కు.

మీ నవంబర్ బిల్లుల ఫొటోల్లో అన్నయ్యగారిది ఇంకొకటి ఉంది, 12వ తేదీది. ఫోన్ చేసినప్పుడు రెండు బిల్లుల నంబర్లూ చెప్పండి. రెండూ ఒకే ఐఎఫ్ఎఫ్‌లో పెట్టొచ్చు, డిసెంబర్ 13 లోపు.